బిగించిన కొద్దీ చెమర్చే కొళాయి జాయింటు

కొళాయి బిగించిన రోజు పొడిగానే ఉంటుంది. తెల్లారేసరికి మెడ దగ్గర చెమ్మ. రెంచీతో ఇంకో పావు చుట్టు తిప్పితే ఆగుతుంది, రెండు రోజులకి మళ్లీ చుక్క. రాయగడలోనూ, పర్లాకిమిడిలోనూ నన్ను పిలిచే ఇళ్లలో ఎక్కువ చూసేది ఈ గొడవే. నేను వెళ్లేలోపు ఎవరో ఒకరు అప్పటికే ఇంకాస్త బిగించి ఉంటారు.

రెంచీ ఎత్తే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ చెయ్యరు. జాయింటుని గుడ్డతో పొడిగా తుడిచి, చుట్టూ సుద్దముక్క రుద్దండి. పది నిమిషాలాగి చూస్తే, తడి ఎక్కడ మొదలైందో సుద్ద చెబుతుంది. పైన పిడి దగ్గర్నుంచి కారిన నీళ్లు కిందకి జారి జాయింటు మీద నిలవడం మామూలే, అప్పుడు జాయింటు తప్పేం లేదు. ఫ్లెక్సిబుల్ పైపు నట్టు దగ్గర తడి ఉంటే అక్కడ నీళ్లాపేది లోపలి రబ్బరు వాషరు. దాని మీద టెఫ్లాన్ టేపు చుట్టి లాభం లేదు, వాషరు మార్చండి.

తడి సరిగ్గా మర మూతి దగ్గరే మొదలైతే, తప్పు టేపుది. విప్పేసి పాత టేపు ముక్కలన్నీ గీకి తీయాలి. మర మొన మీవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపుకి చుట్టండి. ఎదురు చుట్టితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దయిపోతుంది. మొదటి మర వదిలేసి, లాగి పట్టుకుని చుట్టాలి. మన షాపుల్లో దొరికే పల్చటి తెల్ల టేపయితే అరంగుళం కొళాయికి ఎనిమిది, పది చుట్లు చాలు. మర గట్లు పైకి కనబడుతూ ఉండాలి. ఇంకొక్కటి: కొళాయి మూతి వంకరగా ఆగిందని వెనక్కి తిప్పారా, పని చెడినట్టే. నలిగిన టేపు మళ్లీ ఉబ్బదు. పూర్తిగా విప్పి, కొత్త టేపుతో ఒక చుట్టు ఎక్కువో తక్కువో వేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంత చేసినా చెమరుస్తుంటే, నన్ను ముంచిన కారణం దగ్గరకొచ్చాం.

పర్లాకిమిడిలో ఒకరి వంటింట్లో ఇత్తడి కొళాయి పెట్టాను. గోడలో పైపు మలుపుకి ప్లాస్టిక్ ఎల్బో, దాని లోపలి మర కూడా ప్లాస్టిక్కే. గట్టిగా ఉండాలని ఇరవై చుట్లు టేపు వేసి, పద్నాలుగు అంగుళాల రెంచీతో లాగాను. మర్నాడు చెమ్మ. అర చుట్టు బిగించాను, ఆగింది. మూడో రోజు ఆ ఇంటావిడ, “బాబూ, కొళాయి పొడిగానే ఉంది గానీ కింద టైలు తడిగా ఉందేటి?” అన్నారు. కొళాయి విప్పి, గోడ మీదున్న స్టీలు కప్పు తీసి చూస్తే, ఎల్బో మూతి నుంచి లోపలికి వెంట్రుకంత సన్నటి గీత.

జరిగిందేమిటంటే, కొళాయి మర మొన దగ్గర సన్నంగా, కొళాయి ఒంటి వైపుకి పోను పోను లావుగా ఉంటుంది. దాని మీద దళసరి టేపు వేసి బిగిస్తే అది మేకులా దూరి ప్లాస్టిక్కుని పగలదీస్తుంది. ఇనుప ఎల్బో ఓర్చుకుంటుంది, ప్లాస్టిక్ ఓర్చుకోదు. అది అప్పటికప్పుడు పగలదు కూడా. ఆ ఒత్తిడి కింద గీత గంటల మీద, రోజుల మీద సాగుతుంది. మళ్లీ బిగించినప్పుడు నీళ్లు ఆగినట్టు అనిపిస్తుంది గానీ, గీతని మనమే పొడవు చేస్తున్నాం.

గుర్తుపట్టడానికి స్టీలు కప్పుని వెనక్కి జరిపి, ఎల్బో ఒంటి మీద సుద్ద రాయండి. మర లీకయితే తడి మూతి చుట్టూ వస్తుంది. పగులైతే మూతికి వెనకాల, పైపు పొడవునా ఒక గీతలా వస్తుంది. పగిలిన ఎల్బోకి టేపూ, ఎంసీలూ ఏవీ నిలవవు. టైలు కొట్టి, ఎల్బో కోసి, ఇత్తడి మర ఉన్న ఎల్బో అతికించాల్సిందే. నేను చేసిందీ అదే, టైలు ఖర్చు నా జేబులోంచి.

అతుకు ఆరాక కొళాయిని చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన చిన్న రెంచీతో ఒకటి, ఒకటిన్నర చుట్లు. అక్కడితో ఆపెయ్యండి. ఇత్తడి మర ఉంది కదా అని లాగితే, ఆ ఇత్తడి ముక్కే ప్లాస్టిక్కులో తిరిగిపోతుంది.

పాత మిస్త్రీలు సఫేదా పూసి జనపనార చుట్టేవారు. అది ఇనప పైపులకి బాగుంటుంది. ప్లాస్టిక్ మరలో నార తడిసి ఉబ్బితే పగుల్లు తప్పవు. మర తుప్పు తినేయడం, బయటి దేశపు మర సరిపోకపోవడం కూడా ఉంటాయి గానీ, మన వైపు అరుదు. చేత్తోనే రెండు మూడు చుట్లు సాఫీగా ఎక్కకపోతే బలవంతం చెయ్యకుండా షాపుకి పట్టుకెళ్లి మార్చుకోండి.