శ్లేష నేర్చుకుందాం – మూడో పాఠం: పన్ను కట్టించిన మాస్టారు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. రెండు అర్థాలున్న తెలుగు మాటలు పది ఏరి రాసుకోమన్నాను. ఆ పని చేసినవారి కాగితం మీద చెప్పు, పాలు, రాయి, కారు, ఏడు తప్పకుండా ఉంటాయి. పన్ను కూడా ఉండాలి. నోట్లో ఉండేదీ పన్నే, పురపాలక సంఘానికి కట్టేదీ పన్నే. ఈ పాఠంలో ఎక్కువ భాగం ఈ ఒక్క మాటతోనే గడుపుదాం. ఒక మాటను లోతుగా చూస్తే మిగిలిన తొమ్మిదింటితో ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ముందు ఒక తేడా తేల్చుకోవాలి. "రాయి అంటే రాయిలా కూర్చున్నాడు" అన్న వాక్యం చూడండి. పలక ముందు కదలకుండా కూర్చున్న పిల్లవాడు కళ్ళకు కడతాడు. బాగుంది, కానీ ఇది శ్లేష కాదు. ఇక్కడ రాయి అన్న మాట రెండుసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఒక్కో అర్థమే ఇచ్చింది. దీన్ని యమకం అంటారు. శ్లేష అన్న మాటకు అంటుకుని ఉండడం, కౌగిలించుకోవడం అని అర్థం. మాట ఒక్కసారే వస్తుంది, రెండు అర్థాలూ దానినే పట్టుకుని ఉంటాయి. యమకంలో రెండో అర్థాన్ని మనమే వినేవారి చేతిలో పెడతాం. శ్లేషలో వారే దాన్ని పట్టుకోవాలి. వినేవారికి కలిగే ఆనందమంతా ఆ పట్టుకోవడంలోనే ఉంది కనుక ఈ తేడాను నేను చిన్నదిగా చూడను.

ఇక పన్ను దగ్గరికి వద్దాం. రెండు అర్థాలున్న మాట దొరికింది కదా అని దాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టినా రెండూ పలకవు. దంతమనే పన్ను బహువచనంలో పళ్ళు అవుతుంది. సుంకమనే పన్ను పన్నులు అవుతుంది. "పన్నులు పెరిగాయి" అన్నామంటే నోరు మాయమై ప్రభుత్వం ఒక్కటే మిగులుతుంది. విభక్తి చేర్చినా అంతే. దంతమైతే పంటికి, పంటితో అంటాం. సుంకమైతే పన్నుకు, పన్నుతో అంటాం. అంటే ఈ రెండు మాటలు ఒకేలా వినిపించేది ఏకవచనంలో, అదీ ప్రత్యయమేమీ చేరనప్పుడే. మన చోటు ఎంత ఇరుకో ముందే తెలుసుకుంటే వృథా ప్రయత్నం తప్పుతుంది.

తరువాత క్రియ. పన్ను మొలిచింది, కదులుతోంది, ఊడింది అంటే దంతమే. విధించారు, ఎగవేశారు, చెల్లించారు అంటే సుంకమే. ఇవి ఒక్క అర్థం వైపే తలుపు తీస్తాయి. రెండు వైపులా తీసే క్రియ కావాలి. వెతికితే ఒకటి దొరుకుతుంది: కట్టడం. సుంకం కడతాం. పోయిన పళ్ళ స్థానంలో వేరేవి కట్టించుకుంటాం. కట్టుడు పళ్ళన్న మాట అందులోంచి వచ్చిందే. నామవాచకాల్లో పోటు అలాంటిది. నొప్పీ అదే, దెబ్బా అదే. పత్రికల శీర్షికల్లో "పన్ను పోటు" అని చూస్తుంటాం. మొదట రాసిన వారెవరో గాని మంచి పని చేశారు. ఇప్పుడు అది ఎంత వాడుకైందంటే, చదివేవారికి దంతం గుర్తుకే రావడం లేదు. శ్లేష కూడా నాణెంలా చేతులు మారి అరిగిపోతుంది.

ఇప్పుడు వాక్యం కడదాం. కొత్తగా నేర్చుకునేవారు మొదట రాసేది ఇలా ఉంటుంది: "దంత వైద్యుడు నా ఆదాయపు పన్ను పీకాడు." దీన్ని చదివి ఎవరూ నవ్వరు. ఆదాయపు అన్న విశేషణం చేరగానే దంతం అర్థం చచ్చిపోయింది. పీకడం అనగానే సుంకం అర్థం తెగిపోయింది. ఒక్కో అర్థాన్ని ఒక్కో మాట తరిమేసింది, చివరికి వాక్యానికి అర్థమే లేకుండా పోయింది.

రెండో ప్రయత్నం: "పన్ను కట్టాక డబ్బు మిగలక పన్ను కట్టించుకోలేదు." ఇది మెరుగు, అర్థముంది. కానీ మాట రెండుసార్లు రావడంతో యమకమైంది. వినేవారికి పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మూడోది నేను కట్టింది కాదు, విన్నది. మా వీధిలో విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరున్నారు. మార్చి నెలలో ఒక సాయంత్రం నలుగురం అరుగు మీద కూర్చుని ఇంటి పన్ను గడువు గురించి మాట్లాడుకుంటున్నాం. మాస్టారు నిదానంగా అన్నారు: "ఈ నెల పింఛనంతా పన్ను కట్టించడానికే పోయిందండీ." పక్కనున్న ఇద్దరూ వెంటనే అందుకున్నారు. పింఛను మీద బతికేవారి దగ్గర ఇంతింత వసూలు చేయడం అన్యాయమన్నారు, ఎవరికో అర్జీ పెట్టుకోవచ్చన్నారు. మాస్టారు అంతా విని, పెదవులు విప్పి నవ్వారు. పై వరసలో ముందు పన్ను ఒకటి మిగతావాటికంటే తెల్లగా మెరుస్తోంది.

ఈ వాక్యం ఎందుకు పని చేసిందో విప్పి చూద్దాం. మాట ఒక్కసారే వచ్చింది. నెల మార్చి, సంభాషణ ఇంటి పన్ను గురించి, కాబట్టి మొదటి అర్థం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. పింఛను పోయిందన్న మాట సుంకానికి ఎంత సరిపోతుందో దంతానికీ అంతే సరిపోతుంది, ఎందుకంటే రెండూ ఖర్చులే. అన్నిటికంటే ముఖ్యం, రెండో అర్థమే నిజం. మాస్టారు అబద్ధమాడలేదు, పొరబడింది మనం. ఆ నవ్వు చూశాక వాక్యాన్ని మనసులో మళ్ళీ మొదటి నుంచి విన్నాం, అప్పుడు అందులో ఒక్క అక్షరం కూడా కదపనక్కరలేదని తెలిసింది.

"కట్టించడానికే" అన్న రూపాన్ని కాస్త దగ్గరగా చూడండి. "కట్టడానికే" అని ఉంటే సుంకం బాగా పలికేది, కానీ తన పన్ను తానే కట్టుకునేవారు ఉండరు కనుక దంతం అర్థం కుంటుపడేది. "కట్టించుకోవడానికే" అని ఉంటే దంతం చక్కగా కుదిరేది, కానీ సుంకం కట్టించుకునేది ప్రభుత్వం గాని మాస్టారు కాదు. "కట్టించడానికే" అన్న మధ్య రూపం రెంటినీ మోసింది. కొడుకుతోనో పక్కింటి కుర్రాడితోనో ఇంటి పన్ను కట్టించడం మామూలే కదా. శ్లేష తరచుగా ఇలాంటి ఒక్క ప్రత్యయం దగ్గరే నిలుస్తుంది, అక్కడే పడిపోతుంది.

ఇక కుళ్ళు జోకు. ఫోనులో ఎవరైనా "చెప్పు" అనగానే "ఏ కాలిది?" అనేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ధ్వని అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది, రెండు అర్థాలూ నిఖార్సయినవి. అయినా వినేవారు తల పట్టుకుంటారు. కారణం, అక్కడ పాదరక్షకు పని లేదు. మాట్లాడుతున్న విషయం పెళ్ళి కావచ్చు, పరీక్ష కావచ్చు, జ్వరం కావచ్చు, ఈ జవాబు మాత్రం మారదు. నా పరీక్ష ఇదే: మీ చమత్కారాన్ని ఊడదీసి ఇంకో సంభాషణలో అలాగే అతికించి చూడండి. ఏ మార్పూ లేకుండా అతుక్కుంటే అది కుళ్ళు జోకు. మాస్టారి వాక్యం ఆ అరుగు, ఆ నెల, ఆ నోరు లేకుండా బతకదు.

తప్పు మాటది కాదని చూపించడానికి అదే చెప్పును మరో చోట పెడతాను. గుడిలో దర్శనం చేసుకుని మెట్లు దిగి వచ్చారు. వదిలిన చోట జత లేదు. "ఏమైందండీ?" అని ఎవరో అడిగారు. "చెప్పాపెట్టకుండా పోయాయి" అన్నారు మీరు. జాతీయం చెక్కు చెదరలేదు, ముందుగా తెలియజేయకుండా వెళ్ళిపోవడమే దాని అర్థం. పోయినవి చెప్పులు కనుక ఆ జాతీయంలో నిద్రపోతున్న ధ్వని లేచి కూర్చుంది. గొడుగు పోయినప్పుడు ఇదే మాట అంటే ఎవరికీ ఏమీ తట్టదు.

ఇంతవరకు చూసినవాటిలో మాటను విరవలేదు. విరిచి చెప్పే శ్లేషను సభంగం అంటారు. మన భాషలో దానికి గొప్ప వసతి సంధి. బడి పుస్తకాల్లో వచ్చే ఉదాహరణే తీసుకోండి: "మిమ్ముమాధవుడు రక్షించుగాక." మిమ్ము, మాధవుడు అని విడదీస్తే లక్ష్మీపతి అయిన విష్ణువు. మిమ్ము, ఉమాధవుడు అని విడదీస్తే పార్వతీపతి అయిన శివుడు. రెండో విరుపులో మిమ్ము చివరి ఉకారం సంధిలో లోపించింది, ఆ ఒక్క అచ్చు మాయం కావడంతో వాక్యంలో దేవుడే మారిపోయాడు. ఇద్దరిలో ఎవరు రక్షించినా దీవెన దీవెనే కనుక ఇది కేవలం శబ్దాల ఆట కాదు.

తాటాకు ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలేవారు కాదు. ఎక్కడ విరవాలో చదివేవారే తేల్చుకోవాలి. 16వ శతాబ్దంలో పింగళి సూరన "రాఘవపాండవీయం"లో అవే పద్యాలతో రామాయణాన్నీ భారతాన్నీ చెప్పగలిగాడంటే అలాంటి విరుపు చాలా తోడ్పడింది. ఈనాటి అచ్చులో ఖాళీయే మనకు చిక్కు. "వాళ్ళ పొత్తు కలకాలం ఉంటుంది" అని కలిపి రాస్తే శాశ్వతమన్నది ఒక్కటే కనిపిస్తుంది. "కల కాలం" అని విడదీస్తే కల ఉన్నంతసేపేనన్న గుట్టు ముందే బయటపడుతుంది. అందుకే ఇలాంటివి కాగితం మీదకంటే నోటితో బాగా పండుతాయి. చెప్పేటప్పుడు కల దగ్గర ఆగకండి, కన్ను గీటకండి. మామూలుగా అనేసి తరువాతి మాటలోకి వెళ్ళిపోండి.

అభ్యాసానికి ఈసారి పాలు తీసుకోండి. తాగేవి ఒకటి, వాటా ఒకటి. అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా ఒక ఆవు ఉంది. తమ్ముడు మేత వేస్తాడు, పేడ తీస్తాడు. అతడు పెద్దల ముందు చెప్పుకునే ఒక్క వాక్యం రాయండి. పాలు ఒక్కసారే రావాలి, రెండు అర్థాలూ నిజం కావాలి. రాశాక ఆవు స్థానంలో మామిడి తోట పెట్టి చూడండి. వాక్యం ఇంకా చమత్కారంగానే ఉంటే కొట్టివేసి మళ్ళీ రాయండి. నాకు తోచినది వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను. ఆ తరువాత కల్లు, కళ్ళు లాంటి జతలు చూద్దాం. ధ్వని పూర్తిగా కలవనప్పుడు ఎంత దూరం వరకు చెవి ఒప్పుకుంటుందన్నది అక్కడి ప్రశ్న.