డైపర్ పెద్ద ప్యాక్ కొనే ముందు పాప బరువు చూడండి

అమలాపురంలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ప్యాక్ ధర కాదు, ఒక్కో డైపర్ ఎంత పడుతుందో చూడండి. ఉదాహరణకు ఎం సైజు 20 ఉన్న ప్యాక్ రూ.240 అంటే ఒక్కోటి 12. అదే 76 ఉన్నది రూ.760 అయితే 10 పడుతుంది. లాభమే, కానీ అన్నీ వాడితేనే. పాప బరువు పెరిగి సైజు మారి 15 మిగిలిపోతే వాడిన 61కి ఒక్కోటి దాదాపు పన్నెండున్నర పడినట్టే!

తొడల దగ్గర ఎర్రటి గీతలు పడుతున్నా, నడుము పట్టీ బిగుతుగా ఉన్నా, రాత్రి లీకవుతున్నా సైజు మారే టైమొచ్చినట్టే. అప్పుడు చిన్న ప్యాకే తీసుకోండి. పెద్ద సైజులోకి మారాక అదే ధరకు డైపర్లు తక్కువ వస్తాయి, లెక్క మళ్లీ వేసుకోండి. మన కోనసీమ వానల్లో తెరిచిన ప్యాక్‌కి చెమ్మ తగలకుండా మూత డబ్బాలో పెట్టండి.