బ్యాంకుకు ఉత్తరం రాయడం, 6వ పాఠం: అడ్వైజులో పేరు, కారణం తప్పు పడితే

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. కువైట్‌లో పనిచేసే అబ్బాయి కడపలో ఉన్న వాళ్లమ్మ ఖాతాకు 300 దినార్లు పంపాడు. రెమిటెన్సు అడ్వైజు, అంటే బయటి దేశం నుంచి వచ్చిన సొమ్ము వివరాలతో బ్యాంకు ఇచ్చే కాగితం, చూస్తే లబ్ధిదారు పేరు ఒకరిది, డబ్బు పంపిన కారణం మరొకటి. దాన్ని సరిచేయమని కడప శాఖకు ఉత్తరం రాయమన్నాను. బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు వాళ్లు కూడా రాసి పంపారు. మర్యాదలు, సంబోధనలు, సంతకాలు బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోను. కానీ ఆ ఉత్తరాల్లో చాలావాటిని బ్యాంకులో ఇస్తే తప్పు సరికాదు, ఇంకా గట్టిపడుతుంది. అందుకే ఈ వారం కొత్త పాఠానికి పోకుండా ఈ ఒక్క ఉత్తరం దగ్గరే ఆగుతున్నాను.

ముందు అడ్వైజు మళ్లీ చూడండి. లబ్ధిదారు పేరు దగ్గర `PEDDIREDDY SURESH` అని ఉంది. అది పంపినవాడి తమ్ముడి పేరు. ఖాతా నంబరు మాత్రం అమ్మదే. ఇదెట్లా జరుగుతుందంటే, అంతకుముందు తమ్ముడికి పంపినప్పుడు అతని వివరాలు లబ్ధిదారుగా సేవ్ అయి ఉంటాయి. ఈసారి అమ్మకు పంపాలని దాన్నే తెరిచి, ఖాతా నంబరు మార్చి, పేరు మార్చడం మరిచిపోతారు. కారణం దగ్గర `P1401` అని ఉంది, అంటే ఉద్యోగి వేతనం. ఉండవలసింది `P1301`, అంటే ప్రవాస భారతీయులు కుటుంబ పోషణకు, పొదుపుకు పంపే డబ్బు. అమ్మ పాసుబుక్కులో ఈ సొమ్ము ఇంకా జమ కాలేదు. పేరుకీ ఖాతాకీ పొంతన లేదని శాఖ ఆపి ఉంచింది.

ఇప్పుడు మీ ఉత్తరాల్లో పదేపదే కనబడిన వాక్యం: "నేను కువైట్‌లో కష్టపడి సంపాదించిన నా జీతం డబ్బులు మా అమ్మకు పంపాను, దయచేసి సరిచేయగలరు." ఈ వాక్యం చదివిన ఉద్యోగికి అడ్వైజులో తప్పేమీ కనబడదు. అడ్వైజు "జీతం" అంటోంది, మీరూ "జీతం" అంటున్నారు. ఇంక సరిచేయడానికి ఏముంది?

ఈ చిక్కు ఎక్కడ పుడుతుందో చూడండి. డబ్బు పంపే ఫారంలో రెండు వేరువేరు ప్రశ్నలు ఉంటాయి. ఈ డబ్బు మీకు ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఒకటి. దానికి జవాబు జీతం, అది నిజమే. ఎందుకు పంపుతున్నారు అన్నది రెండోది. దానికి జవాబు కుటుంబ పోషణ. కౌంటరులో ఉన్నతను "ఏం డబ్బు ఇది?" అని ఒక్కసారే అడుగుతాడు. మనవాడు "శాలరీ" అంటాడు. అతను ఆ మాటను రెండు గళ్లలోనూ పెట్టేస్తాడు. అక్కడ మొదలైన తప్పు ఇండియాకు వచ్చేసరికి `P1401` అయి కూర్చుంటుంది.

దీనివల్ల నష్టం ఏమిటంటే, ఈ కోడు డబ్బు అందుకునే మనిషి వైపు నుంచి చదవాలి. `P1401` కింద అమ్మ ఖాతాలో సొమ్ము పడితే, కాగితం మీద అది అమ్మకు విదేశీ యజమాని ఇచ్చిన జీతం. జీతం అంటే ఆదాయం, ఆదాయం అంటే పన్ను లెక్కలోకి వచ్చేది. కొడుకు ఇంటి ఖర్చులకు పంపిన డబ్బు అమ్మకు ఆదాయం కాదు. ఒక నెలకైతే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అదే కోడుతో ఏడాది పొడవునా నెలనెలా పడితే, రేపు ఎవరైనా అడిగినప్పుడు అమ్మ ఉద్యోగి కాదని రుజువు చేసుకునే పని ఆమె నెత్తిన పడుతుంది. కాబట్టి ఈ ఉత్తరంలో జీతం అన్న మాట ఒకేచోట రావాలి: అడ్వైజులో తప్పుగా పడింది ఇదీ అని చూపే చోట. మీ సంపాదన గురించి, మీ కష్టం గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా వద్దు. బ్యాంకు ఆ సంగతి అడగలేదు. మీరే రాసిస్తే అది మీకే ఎదురు సాక్ష్యం.

"బహుమతి అని రాస్తే పోదా?" అని కొందరు అడిగారు. పోదు. బహుమతికి `P1302` వేరే ఉంది. నెలనెలా ఇంటి ఖర్చుకు పంపేది కుటుంబ పోషణ. ఒక తప్పును తీసి ఇంకో తప్పు పెట్టకండి.

రెండో సంగతి, ఏ తప్పును ఎవరు దిద్దగలరు అన్నది. పేరు మీరు ఇచ్చిన ఆదేశంలో భాగం. ఆ ఆదేశం మీ నుంచి కువైట్‌లోని బ్యాంకుకు, అక్కడి నుంచి కడపకు వచ్చింది. అమ్మ వెళ్లి "నా డబ్బే నాయనా" అని ఎంత చెప్పినా శాఖ తనంతట తాను పేరు మార్చదు, మార్చకూడదు కూడా. పంపిన బ్యాంకు నుంచి సవరణ సందేశం రావాలి. కాబట్టి ముందు కువైట్‌లో మీరు పంపిన చోట సవరణ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. సవరణకు చార్జీ పడుతుంది, అది మీరే కడతామని దరఖాస్తులో రాయండి, లేకపోతే అక్కడే ఆగుతుంది. కారణం సంగతి వేరు. దాన్ని రిజర్వు బ్యాంకుకు నివేదించేది ఇండియాలోని బ్యాంకు. అమ్మ సంతకంతో చిన్న ధ్రువీకరణ జతచేస్తే, శాఖ దాన్ని తమ విదేశీ మారకపు విభాగానికి పంపి కోడు మార్పిస్తుంది. పంపినచోట ఇచ్చే దరఖాస్తులో కూడా సరైన కారణం రాస్తే ఇంకా మంచిది, రెండు వైపులా ఒకే మాట ఉంటుంది.

నేనైతే ఉత్తరం మొదలుపెట్టేటప్పుడు "అయ్యా" రాయను. ముందు నాలుగే నాలుగు వరుసలు రాసుకుంటాను: పేరు ఏమని పడింది, ఏమని ఉండాలి, కారణం ఏమని పడింది, ఏమని ఉండాలి. "ఏమని పడింది" అన్నచోట అడ్వైజులోని అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు దించాలి. తప్పును రాసేటప్పుడు చేయి దానంతట అదే దిద్దేస్తుంది, జాగ్రత్త. "ఏమని ఉండాలి" అన్నచోట పాసుబుక్కు మొదటి పేజీలో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా, అన్నీ పాసుబుక్కు ప్రకారమే. ఇంట్లో పిలిచే పేరు, రేషను కార్డులో పేరు ఇక్కడ పనికిరావు. ఆ నాలుగు వరుసలు కుదిరితే ఉత్తరం దాదాపు అయిపోయినట్టే:

> శాఖా మేనేజరు గారికి, (బ్యాంకు పేరు), కడప.
>
> విషయం: రెమిటెన్సు నంబరు (అడ్వైజులో ఉన్నట్టు), తేదీ (పంపిన తేదీ), 300 కువైట్ దినార్లు. లబ్ధిదారు పేరు, కారణం సవరించి, సొమ్ము వెనక్కి పంపకుండా ఉంచమని వినతి.
>
> అయ్యా,
>
> పై రెమిటెన్సు పంపినది నేను. అడ్వైజులో రెండు వివరాలు తప్పుగా ఉన్నాయి.
>
> 1. లబ్ధిదారు పేరు `PEDDIREDDY SURESH` అని ఉంది. `PEDDIREDDY LAKSHMI DEVI` అని ఉండాలి. ఖాతా నంబరు (పూర్తి నంబరు) సరిగానే ఉంది. అందులో మార్పు లేదు.
>
> 2. కారణం `P1401`, ఉద్యోగి వేతనం అని ఉంది. `P1301`, కుటుంబ పోషణ అని ఉండాలి. లబ్ధిదారు మా అమ్మ. ఆమె ఏ విదేశీ యజమాని వద్దా పనిచేయడం లేదు.
>
> పేరు సవరణ కోసం పంపిన బ్యాంకులో (తేదీ) నాడు దరఖాస్తు ఇచ్చాను, రసీదు నంబరు (నంబరు). ఆ సవరణ మీకు అందగానే సొమ్ము పై ఖాతాలో జమచేసి, కారణాన్ని `P1301`గా నమోదు చేసి, సవరించిన అడ్వైజు ఇప్పించగలరు. అంతవరకు సొమ్ము వెనక్కి పంపవద్దని కోరుతున్నాను.
>
> జతపరచినవి: అడ్వైజు నకలు, పంపిన రసీదు నకలు, సవరణ దరఖాస్తు రసీదు నకలు, అమ్మ పాసుబుక్కు మొదటి పేజీ నకలు, నా పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, అమ్మ ధ్రువీకరణ.
>
> (సంతకం, పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు, కువైట్ ఫోను నంబరు)

ఇందులో మీరెవరూ రాయని వాక్యాలు రెండున్నాయి. "ఖాతా నంబరు సరిగానే ఉంది" అన్నది మొదటిది. పేరు తప్పని మాత్రమే రాస్తే, తమ్ముడికి పంపబోయి అమ్మ ఖాతా నంబరు కొట్టాడేమో అన్న అనుమానం ఉద్యోగికి రావడం సహజం. ఏది తప్పో చెప్పినట్టే ఏది ఒప్పో కూడా చెప్పాలి. "వెనక్కి పంపవద్దు" అన్నది రెండోది. జమచేయడానికి వీలులేని సొమ్మును బ్యాంకు ఊరికే ఉంచుకోదు, కొన్నాళ్లు చూసి తిప్పి పంపుతుంది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చార్జీలు కోతపడతాయి, రూపాయల్లోకి మారి ఉంటే రేటు తేడా కూడా పోతుంది. మీ చేతికి వచ్చేది 300 దినార్లు కాదు. కొందరైతే "ఈ లావాదేవీ రద్దు చేసి సరిచేయండి" అని రాశారు. రద్దు అని రాస్తే తిప్పి పంపుతారు. మనకు కావలసింది సవరణ.

పాస్‌పోర్టు చివరి పేజీ ఎందుకంటే అందులో తల్లి పేరు ఉంటుంది. అమ్మకూ మీకూ ఉన్న బంధుత్వానికి వేరే పత్రం వెతకక్కర్లేదు. ఆధార్ అడిగితే మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అమ్మ ధ్రువీకరణకు మూడు వాక్యాలు చాలు: పంపినది నా కొడుకు, ఈ సొమ్ము ఇంటి ఖర్చులకు, ఇది నాకు జీతం కాదు. సంతకం బ్యాంకులో ఉన్న సంతకంతో కలవాలి. వేలిముద్ర ఖాతా అయితే ఇంట్లో వేసి పంపకండి, శాఖలోనే అధికారి ముందు వేయాలి.

ఉత్తరం స్కాన్ చేసి మెయిల్‌లో పంపి ఊరుకోవద్దు. కడప శాఖలో ఖాతాదారు అమ్మ, మీరు కాదు. అందుకని ఉత్తరం అమ్మ చేతనే ఇప్పించండి. రెండో కాపీ మీద తేదీతో శాఖ ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకపోతే రేపు మీరు ఇచ్చినట్టే లెక్కలేదు. ముద్ర పడిన రోజు నుంచి 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in`లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ మొదట అడిగేది, బ్యాంకుకు ముందు రాసి ఇచ్చారా అన్నదే.

జమ అయ్యాక సవరించిన అడ్వైజు చేతికి వచ్చేదాకా వదలకండి. పేరు సవరించి, డబ్బు జమచేసి, కోడు మాత్రం పాతదే ఉంచేయడం జరుగుతుంటుంది. డబ్బు వచ్చింది కదా అని ఇంట్లోవాళ్లు రెండో తప్పును అడగరు. కొత్త అడ్వైజులో `P1301` కంటితో చూసిన తరువాతే పాతది పక్కన పెట్టండి. కువైట్‌లో సేవ్ అయి ఉన్న లబ్ధిదారు వివరాల్ని కూడా తీసేసి, అమ్మ పేరుతో కొత్తగా పెట్టుకోండి. లేదంటే వచ్చే నెల ఇదే ఉత్తరం మళ్లీ రాయాలి.

అభ్యాసం. ఈసారి కష్టమైనది. పేరు అమ్మదే సరిగ్గా పడింది. ఖాతా నంబరులో పక్కపక్క అంకెలు రెండు తారుమారయ్యాయి. ఆ నంబరు అదే బ్యాంకులో ఇంకెవరిదో. పేరు కలవకపోయినా సొమ్ము నిన్ననే ఆ ఖాతాలో జమ అయిపోయింది. మన దేశంలో ఎలక్ట్రానిక్ చెల్లింపులను ఖాతా నంబరు ఆధారంగానే జమచేయవచ్చని 2010లోనే రిజర్వు బ్యాంకు చెప్పిందని, నంబరు సరిగా ఇచ్చే బాధ్యత పంపినవాడిదేనని గుర్తుపెట్టుకోండి. జమ అయిన సొమ్మును ఆ ఖాతాదారు సమ్మతి లేకుండా బ్యాంకు వెనక్కి తీయలేదు. ఇప్పుడు పై ఉత్తరంలో ఏ వాక్యాలు పనికిరావో కొట్టేసి, ఏ వాక్యాలు కొత్తగా చేర్చాలో చేర్చి, మొత్తం ఉత్తరం ఒక పేజీ దాటకుండా రాయండి. "సవరించండి" అన్న మాట అందులో ఎక్కడా రాకూడదు. కువైట్ బ్యాంకుకు ఇచ్చే దరఖాస్తు కూడా విడిగా రాయండి, ఎందుకంటే అది ఈసారి ఒక్క రోజు కూడా ఆగకూడనిది.