స్టెరాయిడ్ వాడే మనిషికి వాంతులు: ఒంగోలు బయల్దేరే ముందు

కందుకూరులో ఉబ్బసానికి నెలల తరబడి రోజూ 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మింగే పెద్దాయనకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయనుకుందాం.

- జ్వరంలో స్టెరాయిడ్ ఎందుకులే అని మాత్ర ఆపొద్దు. జబ్బు చేస్తే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదిలి బీపీని నిలబెడతాయి. బయటి మాత్రకు అలవాటుపడి ఆయన గ్రంథులు మందగించి ఉంటాయి. జబ్బు రోజుల్లో డోసు పెంచమని డాక్టర్లు ముందే చెప్పేది అందుకే.

- వాంతయ్యే మనిషికి పెంచిన మాత్ర కూడా దండగే. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ పడాలి, సెలైన్ ఎక్కాలి. ఒంగోలు దాకా ఆగకుండా దగ్గరి ఆసుపత్రిలోనే అడగండి.

- లేస్తే కళ్లు తిరగడం, మగత ఉంటే వెంటనే 108.

- మాత్రల అట్ట జేబులో పెట్టుకోండి. ఎవరైనా గ్యాస్ అని తేల్చేస్తే, "మా నాన్న స్టెరాయిడ్ వాడుతున్నారు సార్" అని గట్టిగా చెప్పండి. మొహమాటం వద్దు.