మోస్‌ఫెట్ ఎంత వేడెక్కుతుందో ముందే లెక్కకట్టడం ఎలా?

పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడిచే 8 ఆంపియర్ల లోడ్‌ను IRFZ44N అనే మోస్‌ఫెట్‌తో ఆన్, ఆఫ్ చేయాలనుకుందాం. డేటాషీట్ మొదటి పేజీలోనే 49 ఆంపియర్లు అని ఉంటుంది కాబట్టి, 8 ఆంపియర్లకు హీట్‌సింక్ ఎందుకులే అనిపించడం సహజం. అయితే ఆ 49 ఆంపియర్లు, మోస్‌ఫెట్ ఒంటిని ఏదో విధంగా 25 డిగ్రీల వద్దే నిలిపి ఉంచినప్పటి మాట. బోర్డు మీద ఒంటరిగా నిలబెట్టిన మోస్‌ఫెట్‌కు అది వర్తించదు.

ముందుగా డేటాషీట్ నుంచి రెండు అంకెలు తీసుకోవాలి. ఒకటి, పూర్తిగా ఆన్ అయినప్పటి నిరోధం, అంటే RDS(on). దీని గరిష్ఠ విలువ 17.5 మిల్లీఓమ్‌లు. గేటుకు 10 వోల్టులు ఇచ్చి, లోపలి జంక్షన్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు మాత్రమే ఈ విలువ చెల్లుతుంది. రెండోది, జంక్షన్ నుంచి గాలికి ఉండే ఉష్ణ నిరోధం. హీట్‌సింక్ లేనప్పుడు ఇది వాట్‌కు 62 డిగ్రీలు. వీటితో పాటు పరిసర ఉష్ణోగ్రత కూడా కావాలి. అంటే గదిలోది కాదు, మోస్‌ఫెట్ చుట్టూ ఉన్న గాలిది. పెట్టె మూసి ఉంటే పెట్టె లోపలి వేడినే తీసుకోవాలి. ఇక్కడ 40 డిగ్రీలు అనుకుందాం.

తర్వాత కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఖర్చయ్యే శక్తి వస్తుంది, దాన్ని ఉష్ణ నిరోధంతో గుణిస్తే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో తెలుస్తుంది.

```
P  = 8 × 8 × 0.0175 = 1.12 W
ΔT = 1.12 × 62 ≈ 69 °C
Tj = 40 + 69 = 109 °C
```

ఈ మోస్‌ఫెట్ జంక్షన్ 175 డిగ్రీల వరకు తట్టుకుంటుంది కాబట్టి 109 అంటే నిశ్చింతగానే కనబడుతుంది. చాలామంది లెక్కను ఇక్కడే ఆపేస్తారు, కానీ అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జంక్షన్ 109 డిగ్రీలకు చేరినప్పుడు, మనం వాడిన 17.5 మిల్లీఓమ్‌లు ఇక నిజం కాదు. సిలికాన్ వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. డేటాషీట్‌లో ఉష్ణోగ్రతకూ నిరోధానికీ ఉన్న గ్రాఫ్‌ను సరళరేఖగా తీసుకుంటే, 25 డిగ్రీలపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.7 శాతం పెరుగుదల అనుకోవచ్చు. కాబట్టి వచ్చిన ఉష్ణోగ్రతతో నిరోధాన్ని సరిచేసి, లెక్కను మళ్లీ చేయాలి.

109 డిగ్రీల వద్ద నిరోధం 1.59 రెట్లవుతుంది. అప్పుడు శక్తి 1.78 వాట్లు, జంక్షన్ 150 డిగ్రీలు. ఆ 150తో మళ్లీ చేస్తే 170, ఆ పైసారి 180. అంకె కదలకుండా ఆగేవరకు ఇలా చేయవచ్చు, లేదా ఒకే సూత్రంతో నేరుగా తేల్చవచ్చు. ఇందులో I అంటే కరెంటు, R25 అంటే 25 డిగ్రీల వద్ద నిరోధం, θ అంటే ఉష్ణ నిరోధం, Ta అంటే పరిసర ఉష్ణోగ్రత.

```
K  = I² × R25 × θ
ΔT = K × (1 + 0.007 × (Ta − 25)) / (1 − 0.007 × K)
```

మన ఉదాహరణలో K విలువ 69.4. పెరుగుదల 149 డిగ్రీలు వస్తుంది, అంటే జంక్షన్ 189 వద్ద ఉంటుంది. తొలి లెక్క 109 వద్ద ఆగిన మోస్‌ఫెట్ నిజానికి హద్దు దాటుతుందన్నమాట. సూత్రంలో హారాన్ని గమనించండి: K విలువ 143కు చేరితే హారం సున్నా అవుతుంది, అంటే ఉష్ణోగ్రత ఎక్కడా నిలకడకు రాదు. అంతకు చాలా ముందే మోస్‌ఫెట్ పాడవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న హీట్‌సింక్ బిగించామనుకోండి. హీట్‌సింక్‌కు వాట్‌కు 15 డిగ్రీలు, జంక్షన్ నుంచి లోహపు ట్యాబ్‌కు 1.5, ట్యాబ్ నుంచి హీట్‌సింక్‌కు 0.5 కలిపితే మొత్తం 17. అదే 8 ఆంపియర్లకు పెరుగుదల సుమారు 24 డిగ్రీలే, జంక్షన్ 64 వద్ద నిలుస్తుంది. లోడ్ 5 ఆంపియర్లే అయితే హీట్‌సింక్ లేకుండానే 77 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది.

ఈ లెక్క ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే స్విచ్‌కు మాత్రమే సరిపోతుంది. వేగంగా ఆన్, ఆఫ్ చేస్తే ఆ మార్పిడిలో పోయే శక్తిని విడిగా కలపాలి. గేటుకు 10 వోల్టులు ఇవ్వకుండా 5 వోల్టులతో సరిపెడితే, 17.5 మిల్లీఓమ్‌లన్న అంకెనే నమ్మకూడదు.

లెక్క సరిపోయిందో లేదో చూడటానికి, నిండు కరెంటు పారుతుండగా ఉష్ణోగ్రత నిలకడకు వచ్చాక, ట్యాబ్‌కు థర్మోకపుల్ తాకించి చూడండి. 5 ఆంపియర్ల ఉదాహరణలో శక్తి 0.6 వాట్లే కాబట్టి, ట్యాబ్‌కూ జంక్షన్‌కూ తేడా ఒక డిగ్రీ లోపే ఉంటుంది. ట్యాబ్ డ్రెయిన్‌కే కలిసి ఉంటుందని మరవకూడదు. ఉష్ణోగ్రత లెక్క కన్నా బాగా ఎక్కువగా ఉంటే, డ్రెయిన్, సోర్సుల మధ్య వోల్టేజీని మల్టీమీటర్‌తో కొలవండి. వేడెక్కిన స్థితిలో 5 ఆంపియర్లకు అది 120 మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే ముందు గేటు వోల్టేజీని, అది సరిగానే ఉంటే ఆ విడిభాగం అసలుదో నకిలీదో చూడాలి.