ఇంజన్ టకటకమంటోందా? పెట్రోల్ బండిలో కారణం వేరు, డీజిల్ బండిలో దానికి తలకిందులు

సమస్య 1: సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పెట్రోల్ బైక్ ఇంజన్‌లో గలగల

వెనక మనిషి ఉన్నారు, నాలుగో గేర్‌లోనే ఉండి యాక్సిలరేటర్ గట్టిగా తిప్పారు, సీసాలో గోళీలు వేసి ఊపినట్టు శబ్దం మొదలైంది. దీన్నే నాకింగ్ అంటారు. పెట్రోల్ ఇంజన్‌లో మంట స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలై అక్కణ్ణుంచి పాకాలి. కానీ లోడ్ ఎక్కువైనప్పుడు, ఆ మంట ఇంకా చేరని మూలలో మిగిలిన పెట్రోల్-గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. అలా అంటుకోకుండా పెట్రోల్ ఎంత ఓర్చుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ నంబర్. ఐసో-ఆక్టేన్‌కి 100, ఇట్టే అంటుకునే హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని, మన పెట్రోల్ ఆ రెండింటి ఏ మిశ్రమంలా ప్రవర్తిస్తుందో టెస్ట్ ఇంజన్ మీద చూసి నంబర్ ఇస్తారు. మన బంకుల్లో మామూలు పెట్రోల్‌కి ఇదివరకు కనీసం 91 ఉండాలనేది లెక్క.

ముందు చేయాల్సింది డబ్బు ఖర్చు లేని పని: గేర్ రెండుకి దించండి. శబ్దం పోతే పెట్రోల్‌ని అనుమానించక్కర్లేదు, పెద్ద గేర్‌లో ఇంజన్‌ని ఈడ్పిస్తున్నారంతే. సరైన గేర్‌లోనూ వస్తుంటే, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక వేరే బంకులో ఇంకా ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోల్ కొట్టించి అదే ఎత్తు, అదే గేర్‌లో, అదే బరువుతో ఎక్కండి. అప్పుడు శబ్దం పోయిందంటే, పాత పెట్రోల్‌లో కిరోసిన్ లాంటిది కలిసి ఆక్టేన్ పడిపోయి ఉండాలి, లేదా పిస్టన్ మీద కార్బన్ పేరుకుని కంప్రెషన్ పెరిగి ఉండాలి, లేదా స్పార్క్ పడే సమయం, అంటే ఇగ్నిషన్ టైమింగ్, ముందుకు జరిగి ఉండాలి. అయినా పోకపోతే, పైగా న్యూట్రల్‌లో ఊరికే ఉన్నప్పుడూ వినిపిస్తుంటే అది ట్యాపెట్ల శబ్దమో టైమింగ్ చైన్ శబ్దమో అయి ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించండి.

91 చాలని మాన్యువల్‌లో రాసిన బండికి, ఏ శబ్దమూ లేనప్పుడు 100 కొట్టించడం నా దృష్టిలో దండగ. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉన్న శక్తి కాదు, ఓర్పు.

సమస్య 2: అరకులో పొద్దున్నే డీజిల్ కారు దడదడ, తెల్ల పొగ

గాజువాకలో రోజూ చక్కగా స్టార్టయ్యే కారు, డిసెంబర్‌లో అరకులో రాత్రి బయట పెట్టాక తెల్లారి దడదడలాడుతుంది, పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వదులుతుంది, రెండు మూడు నిమిషాలకి సర్దుకుంటుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతట అదే అంటుకోవాలి. చిమ్మిన క్షణానికీ అంటుకున్న క్షణానికీ మధ్య ఆలస్యం ఎంత తక్కువుంటే సీటేన్ నంబర్ అంత ఎక్కువ. ఆలస్యం పెరిగితే ఈలోగా పోగైన డీజిలంతా ఒకేసారి భగ్గుమంటుంది, ఆ దెబ్బే మీరు వినేది. అంటే పెట్రోల్ తొందరపడితే శబ్దం, డీజిల్ ఆలస్యం చేస్తే శబ్దం. అందుకే డీజిల్‌కి ఆక్టేన్ పెరగాలని కోరుకోవడం అర్థంలేని పని.

మన డీజిల్‌కి సీటేన్ కనీసం 51 ఉండాలి కాబట్టి, నేనైతే ముందు, చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసేటప్పుడు లోపల వేడిచేసే గ్లో ప్లగ్‌లని అనుమానిస్తాను. వైజాగ్ ఉక్కలో ఒకటి రెండు పాడైనా తెలియదు, అరకు చలిలో బయటపడుతుంది. ప్లగ్ మీది వైరు తీసి, మల్టీమీటర్ ఒక కొన ప్లగ్‌కీ ఇంకోటి ఇంజన్ బాడీకీ పెట్టండి. చాలా కార్లలో ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది, అసలు కనెక్షనే లేనట్టు చూపిస్తే ఆ ప్లగ్ పోయినట్టే. ప్లగ్‌లు బాగుండి, బ్యాటరీ కూడా గట్టిగా తిప్పుతుంటే, అప్పుడు డీజిల్ వైపు చూడండి. ఫిల్టర్ కింద నుంచి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి పట్టండి: అడుగున నీళ్లు విడిగా కనిపిస్తే ఫిల్టర్ మార్చి ట్యాంకు కడిగించాలి, పెట్రోల్ వాసన కొడితే కల్తీ. ఇంజన్ వేడెక్కాక కూడా దడదడ పోకపోతే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లని టెస్ట్ చేయించాలి. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ బండిలో ఇంజెక్టర్ పైపు నట్లు మాత్రం మీరు వదులు చేయొద్దు, అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

సమస్య 3: బంకు కుర్రాడు డీజిల్ కారులో పెట్రోల్ కొట్టేశాడు

తొందరగా అంటుకోకుండా ఓర్చుకోవడమే పెట్రోల్ గుణం, అంటే దాని సీటేన్ చాలా తక్కువ. దానికి తోడు హై ప్రెషర్ పంపుకి డీజిలే జారుడునిస్తుంది, పెట్రోల్ కలిస్తే పంపు అరిగి ఇనుప రజను ఇంజెక్టర్లదాకా పోతుంది. చాలా కార్లలో తాళం ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు తిరగడం మొదలవుతుంది, కాబట్టి "కొంచెమేగా, మిగతాది డీజిల్ నింపేద్దాం" అనే మాట వినకుండా కారుని బంకు పక్కకి తోయించి, ట్యాంకు మొత్తం ఖాళీ చేయించేదాకా తాళం తిప్పకండి.