జర్మనీలో మన లైసెన్స్ మార్పిడి: దరఖాస్తు నుంచి థియరీ పరీక్ష దాకా

భారత్‌లో తీసుకున్న కారు లైసెన్స్‌తో జర్మనీలో స్థిరపడినవారు దానితో ఆరు నెలలే బండి నడపవచ్చు. ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచే ఈ లెక్క మొదలవుతుంది. ఇంటి చిరునామా నమోదు పత్రంలో ఉండే చేరిన తేదీనే సాధారణంగా ఆధారంగా చూస్తారు. జనవరి 10న చేరినవారికి జులై రెండో వారంతో గడువు అయిపోతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ మీద ఏడాది గడువు కనిపిస్తుంది కాబట్టి ఏడాదంతా నడపవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ పర్మిట్ ఈ ఆరు నెలల్ని ఒక్క రోజు కూడా పెంచదు. గడువు దాటాక నడిపితే దాన్ని లైసెన్స్ లేకుండా నడపడంగానే చూస్తారు, అది క్రిమినల్ నేరం. మొత్తం బస ఏడాదికి మించదని చూపించగలిగినవారు మాత్రం గడువు పొడిగించమని లైసెన్స్ కార్యాలయాన్ని ముందే అడగవచ్చు.

ఇంకో అపోహ కూడా ఉంది. ఆరు నెలలు దాటితే ఇక మార్పిడికి వీల్లేదని, మొదటి నుంచి డ్రైవింగ్ స్కూల్లో చేరాల్సిందేనని కొందరు భయపడతారు. ఆ గడువు బండి నడిపే హక్కుకు సంబంధించినదే. మీ భారతీయ లైసెన్స్ గడువు తీరకుండా ఉన్నంతవరకు తర్వాత కూడా మార్పిడికి దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి దరఖాస్తు పెట్టేముందు మీ కార్డు మీద గడువు తేదీ చూసుకోండి. దగ్గర పడి ఉంటే ముందు దాన్ని రెన్యూ చేయించుకోవడం మేలు. ఆ లైసెన్స్ మీరు జర్మనీకి రాకముందు తీసుకున్నదై ఉండాలి. లెర్నర్ లైసెన్స్ పనికిరాదు.

కొన్ని దేశాల లైసెన్స్‌లను జర్మనీ పరీక్ష లేకుండానే మార్చి ఇస్తుంది. ఆ జాబితాలో భారత్ లేదు. అందుకే మనం థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ పాస్ అవ్వాలి. అయితే కొత్తగా నేర్చుకునేవారికి తప్పనిసరి అయిన థియరీ క్లాసులు, రాత్రి పూట, హైవే మీద చేయాల్సిన ప్రత్యేక పాఠాలు మనకు తప్పనిసరి కావు. డబ్బు, సమయం ఎక్కువగా మిగిలేది ఇక్కడే. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ప్యాకేజీలో ఈ తప్పనిసరి క్లాసులన్నీ కలిపి ఉంటే, మీది కొత్త లైసెన్స్ కాదని, విదేశీ లైసెన్స్ మార్పిడి అని స్కూలువాళ్లకు స్పష్టంగా చెప్పండి. జర్మన్‌లో దీన్ని ‘ఉమ్‌ష్రైబుంగ్’ అంటారు. ఈ మాట గుర్తుంటే కార్యాలయంలోనూ పని తేలికవుతుంది.

క్లాసులు అక్కర్లేదు కదా అని స్కూలును పూర్తిగా వదిలేయడానికి కుదరదు. డ్రైవింగ్ పరీక్షకు స్కూలు బండి, పక్కన వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ ఉండాల్సిందే. దరఖాస్తులో స్కూలు పేరు కూడా అడుగుతారు. కాబట్టి స్కూలు మాట్లాడుకున్నాకే దరఖాస్తుకు వెళ్లండి. పాస్‌పోర్ట్, చిరునామా నమోదు పత్రం, బయోమెట్రిక్ ఫోటో, అసలు లైసెన్స్, దాని అనువాదం పట్టుకెళ్లాలి. అనువాదాన్ని ఏడీఏసీ అనే మోటారు క్లబ్ గానీ, ప్రమాణం చేసిన అనువాదకులు గానీ చేసిస్తారు. కంటి పరీక్ష కళ్లజోళ్ల దుకాణంలో కొద్ది నిమిషాల పని. ప్రథమ చికిత్స శిక్షణ మాత్రం 45 నిమిషాల చొప్పున 9 పాఠాలు, అంటే ఒక రోజంతా పడుతుంది. చాలా నగరాల్లో శనివారాలు పెడతారు. ఇవన్నీ ఇచ్చాక ఆమోదం రావడానికి వారాలు పడుతుంది. ఆ తర్వాతే మీ పేరు పరీక్ష సంస్థకు వెళుతుంది. రాష్ట్రాన్ని బట్టి అది ట్యూఫ్ లేదా డెక్రా అవుతుంది. ఈ ఎదురుచూపు కాలం చదువుకోవడానికి సరిగ్గా సరిపోతుంది.

థియరీ పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. జర్మన్ కాక మరో 12 భాషల్లో రాయవచ్చు. అందులో ఇంగ్లిష్ ఉంది, భారతీయ భాషలేవీ లేవు. జర్మన్ లైసెన్స్ లేనివారు మొదటిసారి రాసే ప్రశ్నపత్రంలో 30 ప్రశ్నలుంటాయి. ఒక ప్రశ్నకు ఒకటి, రెండు లేదా మూడు సరైన జవాబులు ఉండవచ్చు. అన్నీ గుర్తించాలి. ఒక్కటి తగ్గినా, ఒక్కటి ఎక్కువైనా ఆ ప్రశ్న మొత్తం తప్పే. మార్కుల్ని లెక్కించే తీరు మనకు కొత్త. ఇక్కడ సరైన వాటికి మార్కులు వేయరు, తప్పులకు పాయింట్లు వేస్తారు. ప్రశ్న ఎంత ముఖ్యమైతే అంత ఎక్కువ, 2 నుంచి 5 దాకా. మొత్తం 10 దాటకూడదు.

ఒక మెలిక ఉంది. ఒకరు 4 పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పు చేశారనుకుందాం, మొత్తం 8, పాస్. ఇంకొకరు 5 పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పు చేశారు, మొత్తం 10. పదికి మించలేదు కదా అనిపిస్తుంది, కానీ ఫెయిల్. 5 పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే పరీక్ష పోయినట్టే. వాటిలో ఎక్కువగా ముందు ఎవరు వెళ్లాలన్న ప్రశ్నలే ఉంటాయి. అందుకే ఎడమవైపు నడిపి వచ్చినవాళ్లు మొదట కూర్చుని నేర్చుకోవాల్సింది అదే.

బోర్డు, సిగ్నల్ ఏదీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు ముందు దారి. మీది వెడల్పు రోడ్డు, వాళ్లది సందు అయినా సరే. వచ్చేది సైకిల్ అయినా సరే. మనకు అలవాటైన లెక్కలో పెద్ద రోడ్డువాడిదే హక్కు, పరీక్షలో జవాబు తప్పేది అక్కడే. బొమ్మ కనిపించగానే ముందు బోర్డులున్నాయేమో చూడండి, లేకపోతే కుడివైపు చూడండి, ఆ తర్వాతే జవాబులు చదవండి.

అంకె టైప్ చేయమనే ప్రశ్నలు కూడా వస్తాయి. ఉదాహరణకు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి ఎంత దూరం పడుతుంది? వేగాన్ని 10తో భాగిస్తే 5. దాన్ని 3తో గుణిస్తే 15 మీటర్లు, ఇది కాలు బ్రేకు మీదకు వెళ్లేలోపు బండి పోయే దూరం. 5ను 5తో గుణిస్తే 25 మీటర్లు, ఇది మామూలు బ్రేకు దూరం. మొత్తం 40 మీటర్లు. వేగం 100 అయితే 30, 100 కలిపి 130 మీటర్లు. ప్రశ్న బ్రేకు దూరం అడిగిందా, ఆగే దూరం మొత్తం అడిగిందా అన్నది జాగ్రత్తగా చదవకపోతే లెక్క సరిగ్గా వచ్చినా పాయింట్లు పడతాయి.

వీడియో ప్రశ్నల్లో వీడియోను ఐదుసార్లు దాకా చూడవచ్చు. ప్రశ్న తెరిచాక వెనక్కి వెళ్లి మళ్లీ చూడలేరు. కాబట్టి తొందరపడకుండా అద్దాల్లో వెనకేం వస్తోంది, పక్క సందులోంచి ఎవరు వస్తున్నారు అన్నవి చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

తప్పితే సాధారణంగా రెండు వారాలు ఆగి మళ్లీ రాయాలి. పాసైతే ఆ ఫలితం 12 నెలలు చెల్లుతుంది, ఈలోపు డ్రైవింగ్ పరీక్ష ముగించాలి. దానికి ముందు స్కూలు బండిలో కొన్ని పాఠాలు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. మలుపు తిరిగే ముందు భుజం మీదుగా తల తిప్పి చూడటం, గంటకు 30 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్న వీధుల్లో కుడివైపు ప్రతి సందునూ గమనించడం లాంటివి ఎన్నేళ్ల అనుభవం ఉన్నా అలవాటు చేసుకోవాల్సినవే. పరీక్షకుడు చూసేది కూడా అదే.

జర్మన్ కార్డు చేతికిచ్చేటప్పుడు మీ భారతీయ లైసెన్స్ తీసుకుంటారు. కాబట్టి ఆ రోజు వెళ్లేముందే కార్డు రెండువైపులా కాపీ తీసి పెట్టుకోండి.